పాటతో పాటే స్లైడ్‌షో ముగియాలంటే: ఒక్కో ఫోటోకి ఎన్ని సెకన్లు?

పాట నిడివిని ఫోటోల సంఖ్యతో భాగించి, వచ్చిన సెకన్లు ప్రతి ఫోటోకీ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 273 సెకన్ల పాటకు 56 ఫోటోలు పెట్టారనుకోండి. భాగిస్తే 4.875 సెకన్లు వస్తాయి. అదే పెట్టి, ఫోటోల మధ్య ఒక్కో సెకను డిజాల్వ్ వేస్తే, పాట ఇంకా 55 సెకన్లు ఉండగానే ఫోటోలు అయిపోతాయి. తెర నల్లగా ఉంటుంది, పాట మాత్రం సాగుతూ ఉంటుంది.

ఆ 55 సెకన్లు ఎక్కడికి పోయాయో తెలిస్తే మిగతా లెక్కంతా తేలిక. 56 ఫోటోల మధ్య 55 అతుకులు ఉంటాయి. ఒక్కో అతుకు దగ్గర పాత ఫోటో, కొత్త ఫోటో ఒక సెకను పాటు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ సెకనును రెండు ఫోటోల ఖాతాలోనూ లెక్కపెట్టాం, కానీ తెర మీద గడిచేది ఒక్కసారే.

ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. కావలిలో ఒక షష్టిపూర్తి. కల్యాణ మండపంలో ఎల్ఈడీ తెర మీద వేయడానికి స్లైడ్‌షో కావాలి. మొదట పేరు కార్డు, తర్వాత 54 ఫోటోలు, చివర్లో దంపతుల ఫోటో ఒకటి. మొత్తం 56 ముక్కలు. పాట ఒక్కటే.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- పాట ఫైలు, వీలైతే వేవ్ ఫార్మాట్‌లోకి మార్చినది
- వరుస తేలిన ఫోటోలు (ఫైలు పేర్ల ముందు 001, 002 అని నంబర్లు వేసి)
- పేరు కార్డు ఎన్ని సెకన్లు, చివరి ఫోటో ఎన్ని సెకన్లు అన్న నిర్ణయం
- ట్రాన్సిషన్ నిడివి, అంటే ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి మారే డిజాల్వ్ లాంటిదానికి పట్టే సమయం, అన్నిటికీ ఒకటే
- ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు
- ఒక స్ప్రెడ్‌షీట్

ఫోటోల ఎంపిక పూర్తికాకుండా సెకన్ల లెక్క మొదలుపెట్టకండి. ఒక్క ఫోటో చేరినా, తీసేసినా అన్ని అంకెలూ మారతాయి. స్ప్రెడ్‌షీట్‌లో అది క్షణం పని. టైమ్‌లైన్ మీద చేత్తో మార్చాలంటే మాత్రం ఒక పూట పోతుంది.

## 2. పాట నిజంగా ఎక్కడ ముగుస్తుందో తేల్చండి

ప్లేయర్‌లో కనిపించే నిడివిని నమ్మి లెక్క వేయకూడదు. అందులో సెకను కింది భాగం కనిపించదు. ఎంపీ3 ఫైలు వేరియబుల్ బిట్‌రేట్‌లో ఉండి, లోపల హెడర్ సరిగ్గా లేకపోతే ప్లేయర్ నిడివిని అంచనా కట్టి చూపిస్తుంది. ఆ అంచనా కొన్నిసార్లు చాలా సెకన్లు తప్పుతుంది. వేవ్‌లోకి మార్చుకున్నాక ఈ గొడవ ఉండదు. కచ్చితమైన నిడివి కావాలంటే, ffmpeg అనే ఉచిత సాధనం వేసుకుని, కంప్యూటర్ టెర్మినల్‌లో ఈ కమాండ్ కొట్టండి:

```
ffprobe -v error -show_entries format=duration -of default=nw=1:nk=1 song.wav
```

మన ఉదాహరణలో ఫైలు నిడివి 4 నిమిషాల 37 సెకన్లు. కానీ ఫైలు ముగిసే చోటు వేరు, పాట ముగిసే చోటు వేరు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో ఫైలు తెరిచి చివరి 15 సెకన్లను పెద్దది చేసి చూడండి. లావుగా ఉన్న అలలు 4:27 దగ్గర నుంచి సన్నబడుతూ, 4:36 దగ్గర దారం లాంటి గీత అయిపోతాయి. ఆ తర్వాత ఉన్నది నిశ్శబ్దమే. కంటితో తేల్చుకోలేకపోతే ఈ కమాండ్ నిశ్శబ్దం మొదలైన చోటును చెబుతుంది:

```
ffmpeg -i song.wav -af silencedetect=noise=-50dB:d=0.5 -f null -
```

ఫలితంలో చివరి `silence_start` పక్కన ఉన్న అంకె మీకు కావాల్సింది.

అయితే హెడ్‌ఫోన్‌లో 4:36 దాకా వినిపించిన పాట మండపంలో అంతదాకా వినిపించదు. పిల్లల అరుపులు, కుర్చీల చప్పుడు, పక్కనే వడ్డన. ఆ సందడిలో చివరి నాలుగైదు సెకన్ల సన్నటి ధ్వని మునిగిపోతుంది. జనం చెవికి పాట 4:31కే అయిపోయినట్టు ఉంటుంది, తెర మీద ఫోటో మాత్రం ఊరికే నిలబడి ఉంటుంది. అందుకే ముగింపును ఫైలుకు వదలకుండా మీరే నిర్ణయించాలి. ఈ పాటను 4:33 దగ్గర కత్తిరించి, 4:30 నుంచి 4:33 దాకా మన సొంత ఫేడ్ అవుట్ వేద్దాం. ధ్వని తగ్గే మూడు సెకన్లలోనే బొమ్మ కూడా నలుపులోకి వెళుతుంది. అప్పుడు రెండూ ఒకేసారి ఆగినట్టు మండపం చివరి వరుసలో ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది.

కత్తిరించి, ఫేడ్ వేసిన పాటను కొత్త ఫైలుగా దాచుకోండి. ఇకపై లెక్కలో వాడేది దీన్నే.

## 3. నిమిషాలను సెకన్లుగా మార్చండి

4:33 అంటే 4 × 60 + 33 = 273 సెకన్లు. కాలిక్యులేటర్‌లో 4.33 కొట్టి 60తో గుణిస్తే 259.8 వస్తుంది, 13 సెకన్లు తక్కువ. చూడ్డానికి చిన్న పొరపాటు, కానీ తరచూ జరిగేది ఇదే. స్లైడ్‌షో 10, 15 సెకన్లు ముందే అయిపోతోందంటే మొదట ఇక్కడ వెతకండి.

## 4. మీ సాఫ్ట్‌వేర్ ట్రాన్సిషన్‌ను ఎలా లెక్కిస్తుందో పరీక్షించండి

ఒకరు చెప్పిన ఫార్ములా ఇంకొకరికి పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ ట్రాన్సిషన్‌ను ఒకేలా చూడవు. రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు:

1. ఖాళీ ప్రాజెక్టులో రెండు ఫోటోలు పెట్టండి, ఒక్కోటి 5 సెకన్లు.
2. రెండింటి మధ్య 1 సెకను ట్రాన్సిషన్ వేయండి.
3. మొత్తం నిడివి ఎంతయిందో చూడండి.

9 సెకన్లు వస్తే, ఫోటోలు ఒకదాని మీదికి ఒకటి జరిగాయి. షాట్‌కట్‌లో ఒక క్లిప్‌ను పక్క క్లిప్ మీదికి లాగితే జరిగేది ఇదే.

10 సెకన్లు వస్తే, అతుకు కదలలేదు. సాఫ్ట్‌వేర్ రెండు ఫోటోలను అటూ ఇటూ కాస్త సాగదీసి మధ్యలో కలిపింది. ప్రీమియర్‌లో అతుకు మధ్యన క్రాస్ డిజాల్వ్ వేస్తే ఇలా ఉంటుంది.

11 సెకన్లు వస్తే, ట్రాన్సిషన్ సమయం విడిగా కలుస్తోంది. పవర్‌పాయింట్ తీరు ఇది. అందులో `After` గడిలో పెట్టిన సమయం ట్రాన్సిషన్ పూర్తయ్యాకే లెక్కకొస్తుంది. పరీక్ష చేసేటప్పుడు రెండో స్లైడ్‌కు మాత్రమే ట్రాన్సిషన్ పెట్టండి, లేకపోతే మొదటి స్లైడ్‌ది కూడా కలిసి 12 అవుతుంది.

ఫోన్ యాప్‌ల విషయంలో ఊహించకండి. అప్‌డేట్‌తో పద్ధతి మారినా ఈ పరీక్ష పట్టేస్తుంది.

## 5. నిడివి బదులు 'వంతు' లెక్కించండి

ఒక ఫోటో మొదలైన క్షణం నుంచి తర్వాతి ఫోటో మొదలయ్యే క్షణం దాకా ఉన్న కాలాన్ని ఆ ఫోటో వంతు అందాం. వంతులు ఒకదాని మీద ఒకటి పడవు. అందుకే వాటిని నేరుగా కూడవచ్చు. ట్రాన్సిషన్ల తలనొప్పి అంతా ఈ ఒక్క మార్పుతో పోతుంది.

```
పాట = పేరు కార్డు వంతు + ఫోటోల వంతుల మొత్తం + చివరి ఫోటో పూర్తి నిడివి
```

చివరి ఫోటో తర్వాత ఇంకేమీ రాదు కాబట్టి దానికి మాత్రం పూర్తి నిడివి వేసుకుంటాం.

పేరు కార్డు 6 సెకన్లు, ట్రాన్సిషన్ 1 సెకను. కాబట్టి కార్డు వంతు 5. చివరి ఫోటోకి 10 సెకన్లు. అప్పుడు 54 ఫోటోలకు మిగిలేది:

```
273 - 5 - 10 = 258 సెకన్లు
258 / 54 = 4.78 సెకన్లు (ఒక్కో వంతు)
```

వంతు తెలిశాక సాఫ్ట్‌వేర్‌లో కొట్టాల్సిన నిడివి పరీక్ష ఫలితాన్ని బట్టి ఉంటుంది:

- 9 వచ్చినవాళ్లు: నిడివి = వంతు + ట్రాన్సిషన్ = 5.78
- 10 వచ్చినవాళ్లు: నిడివి = వంతు = 4.78
- 11 వచ్చినవాళ్లు: నిడివి = వంతు − ట్రాన్సిషన్ = 3.78

మూడు అంకెలు వేరైనా తెర మీద జరిగేది ఒకటే: 4.78 సెకన్లకు ఒకసారి కొత్త ఫోటో వస్తుంది. పేరు కార్డుకి 9 వచ్చినవాళ్లు 6 సెకన్లు పెట్టాలి. 10 వచ్చినవాళ్లూ, 11 వచ్చినవాళ్లూ దానికి 5 సెకన్లే పెట్టాలి, 11 పద్ధతిలో కార్డు ముందు ట్రాన్సిషన్ వేయకూడదు. 11 వచ్చినవాళ్లు చివరి ఫోటోకి 9 పెట్టాలి, దాని ముందు ట్రాన్సిషన్ సెకను ఎటూ కలుస్తుంది కాబట్టి.

ఇక్కడి నుంచి అంకెలన్నీ 9 వచ్చే పద్ధతిలో చెబుతున్నాం.

## 6. చూడ్డానికి ఆ సమయం చాలుతుందా?

5.78 సెకన్ల నిడివిలో మొదటి సెకను ఫోటో వస్తూ ఉంటుంది, చివరి సెకను పోతూ ఉంటుంది. స్పష్టంగా కనిపించేది 3.78 సెకన్లే. ఒక్క మనిషి ఉన్న ఫోటోకి అది ధారాళంగా చాలు. సోమశిల డ్యామ్ మీద పద్నాలుగు మంది వరుసగా నిలబడిన ఫోటోకి చాలదు. చూసేవాళ్లు "అదుగో అత్త, ఆ పక్కన ఎవరు?" అనేలోపే అది మాయమవుతుంది. పెంచలకోన కొండ, పాత ఇంటి గుమ్మం లాంటి మనుషులు లేని ఫోటోలకు అంత సేపు అక్కర్లేదు.

స్పష్టంగా కనిపించే సమయం మామూలు ఫోటోకి 3 సెకన్ల కంటే, గుంపు ఫోటోకి 5 సెకన్ల కంటే తగ్గకూడదన్నది మా అభిప్రాయం. అంతకంటే తగ్గుతుంటే ఫోటోలు తీసేయండి. ట్రాన్సిషన్‌ను అర సెకనుకు కుదించినా కొంత కలిసొస్తుంది. పాట వేగం పెంచడం, తగ్గించడం మాత్రం చేయొద్దు. తెలిసిన పాట కాస్త మారినా చెవి పట్టేస్తుంది.

## 7. ఫోటోలకు బరువులు వేయండి

అన్ని ఫోటోలకూ ఒకే సమయం ఇవ్వకుండా మూడు తరగతులు చేద్దాం:

- మామూలు ఫోటోలు 34, బరువు 1
- గుంపు ఫోటోలు 14, బరువు 1.5
- మనుషులు లేనివి 6, బరువు 0.75

బరువుల మొత్తం: 34 + 21 + 4.5 = 59.5. ఉన్న 258 సెకన్లను ఫోటోల సంఖ్యతో కాకుండా ఈ మొత్తంతో భాగించాలి.

```
258 / 59.5 = 4.336
```

బరువు 1 ఉన్న ఫోటో వంతు 4.336 సెకన్లు. గుంపు ఫోటోకి దీనికి ఒకటిన్నర రెట్లు, ఖాళీ దృశ్యాలకు ముప్పావు.

బరువును వంతుకు వేశాం, నిడివికి కాదు. నిడివికి వేస్తే ట్రాన్సిషన్ సెకను కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది, మొత్తం 273 దగ్గర ఆగదు.

మూడు తరగతులు చాలు. ప్రతి ఫోటోకీ ఓ కొత్త బరువు ఇస్తూ పోతే తెర మీద నడక గతుకులుగా తయారవుతుంది.

## 8. సెకన్లను ఫ్రేములుగా మార్చి, కిందికి దించండి

టైమ్‌లైన్ మీద 4.336 సెకన్లు అనేది ఉండదు. అక్కడ ఉండేవి ఫ్రేములు. ప్రాజెక్టు సెకనుకు 25 ఫ్రేములదైతే పాట మొత్తం 273 × 25 = 6825 ఫ్రేములు. ఫోటోల వాటా 258 × 25 = 6450. దాన్ని 59.5తో భాగిస్తే బరువు 1కి 108.4 ఫ్రేములు.

ఇక్కడ దశాంశం తర్వాత ఉన్నదాన్ని ఎప్పుడూ వదిలేయండి, పైకి సవరించకండి. వదిలేసిన ముక్కలన్నీ కలిసి కొన్ని ఫ్రేములు మిగులుతాయి. వాటిని చివరి ఫోటోకి ఇచ్చేయొచ్చు. పైకి సవరిస్తే మొత్తం పాటను దాటిపోతుంది, అప్పుడు ఎక్కడో ఒకచోట కోయాల్సి వస్తుంది.

- మామూలు: వంతు 108, నిడివి 133 ఫ్రేములు (5 సెకన్ల 8 ఫ్రేములు)
- గుంపు: వంతు 162, నిడివి 187 ఫ్రేములు (7 సెకన్ల 12 ఫ్రేములు)
- మనుషులు లేనివి: వంతు 81, నిడివి 106 ఫ్రేములు (4 సెకన్ల 6 ఫ్రేములు)

వంతుల మొత్తం 3672 + 2268 + 486 = 6426. ఉండాల్సింది 6450. మిగిలిన 24 ఫ్రేములు చివరి ఫోటోకి. దాని నిడివి 250 + 24 = 274 ఫ్రేములు, అంటే 10 సెకన్ల 24 ఫ్రేములు.

సరిచూద్దాం. నిడివులన్నీ కూడితే 150 + 4522 + 2618 + 636 + 274 = 8200. అందులోంచి 55 అతుకులు × 25 ఫ్రేములు = 1375 తీసేస్తే 6825. పాట నిడివి కూడా అదే.

స్పష్టంగా కనిపించే సమయం మామూలు ఫోటోకి 83 ఫ్రేములు, అంటే 3.3 సెకన్లు. గుంపు ఫోటోకి 137, అంటే దాదాపు 5.5 సెకన్లు. రెండూ హద్దులోనే ఉన్నాయి.

ఫ్రేములు చూపించని ఫోన్ యాప్‌లలో సాధారణంగా సెకనులో పదో వంతు దాకానే పెట్టగలం. పద్ధతి అదే, దించడం మాత్రం పదో వంతుకి. వంతులు 4.3, 6.5, 3.2 అవుతాయి. మొత్తం 146.2 + 91 + 19.2 = 256.4. మిగిలిన 1.6 సెకన్లు చివరి ఫోటోకి కలిపితే 11.6. యాప్‌లో కొట్టాల్సిన నిడివులు 5.3, 7.5, 4.2.

## 9. స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోండి

A నిలువు వరుసలో ఫైలు పేరు, B లో బరువు. 54 ఫోటోలు 2వ అడ్డు వరుస నుంచి 55 దాకా. H లో మన స్థిరమైన అంకెలు:

```
H1: 6450
H2: =SUM(B2:B55)
H3: 25
H4: =H1/H2
H5: =H1-SUM(C2:C55)
```

H1 ఫోటోల వాటా ఫ్రేములు, H3 ట్రాన్సిషన్ ఫ్రేములు. C లో వంతు, D లో నిడివి, E లో ఆ ఫోటో టైమ్‌లైన్ మీద మొదలయ్యే ఫ్రేము:

```
C2: =INT(B2*$H$4)
D2: =C2+$H$3
E2: 125
E3: =E2+C2
```

C, D లను 2వ వరుస నుంచి, E ని 3వ వరుస నుంచి కిందికి లాగండి. E2 లో ఉన్న 125 పేరు కార్డు వంతు (5 × 25). H5 లో కనిపించేది చివరి ఫోటోకి కలపాల్సిన మిగులు.

E వరుస చాలా పనికొస్తుంది. టైమ్‌లైన్ మీద ఫోటోలు పేర్చేటప్పుడు ప్రతి పదో ఫోటో దగ్గర ఆగి, అది మొదలైన ఫ్రేమును E తో పోల్చండి. తేడా ఉంటే తప్పు ఆ పది ఫోటోలలోనే ఉంది. 25 ఫ్రేముల తేడా అంటే ఒక ట్రాన్సిషన్ మరిచారు లేదా రెండుసార్లు వేశారు. 54 ఫ్రేముల తేడా అంటే గుంపు ఫోటోకి మామూలు నిడివి పెట్టారు, లేదా అటుది ఇటు. ఇలా తేడాను బట్టే కారణం తెలిసిపోతుంది.

## 10. చరణం దగ్గర ఒక ఫోటో పడాలంటే

ఎక్కువమంది అడిగేది: మొదటి చరణం ఎత్తుకోగానే పెళ్లి ఫోటో పడాలి. అది కుదరాలంటే పాటను ఆ చోట రెండుగా విడదీసి, రెండు భాగాలకూ వేర్వేరుగా లెక్క వేయాలి.

మన పాటలో చరణం 1:24కి, అంటే 84వ సెకనుకి మొదలవుతుంది. పెళ్లి ఫోటో ఆ క్షణానికి పూర్తిగా తేలి ఉండాలంటే ట్రాన్సిషన్ ఒక సెకను ముందే మొదలవ్వాలి. అంటే ఆ ఫోటో 83లో మొదలవుతుంది. ఈ ఒక్క సెకను మరిచిపోతే చరణం మొదలయ్యాక ఫోటో నెమ్మదిగా తేలుతూ వస్తుంది, ఆలస్యమైనట్టు కనిపిస్తుంది.

83లో పేరు కార్డు వంతు 5 తీస్తే, పెళ్లికి ముందున్న ఫోటోలకు 78 సెకన్లు. పెళ్లి నుంచి తర్వాతి వాటికి 258 − 78 = 180 సెకన్లు.

ఇప్పుడు రెండు భాగాల బరువులు చూడండి. పెళ్లికి ముందు ఫోటోల బరువు 22 ఉందనుకుంటే, 78 / 22 = 3.55. తర్వాతి భాగానికి 180 / 37.5 = 4.8. బాల్యం పరుగెత్తుతుంది, పెళ్లి దగ్గర నుంచి బండి నెమ్మదిస్తుంది. అంత తేడా కంటికి తెలుస్తుంది. సెకన్లతో కుస్తీ పట్టకుండా ముందు భాగంలోంచి బరువు 4 మేర ఫోటోలు తగ్గించండి. బిట్రగుంట రైల్వే క్వార్టర్స్ ముందు తీసినవే నాలుగు ఒకేలా ఉంటే, మంచిది ఒకటి ఉంచి మూడు తీసేయొచ్చు. తర్వాతి భాగంలో మనవళ్ల ఫోటోలు అంతే బరువుకి చేర్చండి. అప్పుడు 78 / 18 = 4.33, 180 / 41.5 = 4.34. అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

రెండు భాగాల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే ఫోటోలు కదిలించాల్సిన పని లేదు.

మొదటి భాగంలో మిగిలిన ఫ్రేములను పెళ్లికి సరిగ్గా ముందున్న ఫోటోకే కలపండి. వాటిని చివరి ఫోటోకి పంపితే పెళ్లి ఫోటో ముందుకు జరిగిపోతుంది.

## 11. తరచూ వచ్చే తేడాలు, వాటి కారణాలు

అతుకుల సంఖ్యకు సమానంగా సెకన్లు తగ్గాయి లేదా పెరిగాయి. ట్రాన్సిషన్ పద్ధతి తప్పుగా అనుకున్నారు. 4వ దశ పరీక్ష మళ్లీ చేయండి.

దాదాపు పావు సెకను ఎక్కువైంది. ప్రాజెక్టు 29.97 ఫ్రేములదై ఉండి, లెక్క 30తో వేశారు. 273 సెకన్ల పాటకు ఆ తేడా 0.27 సెకన్లు. లెక్కలో 29.97 వాడటం కంటే ప్రాజెక్టునే 25కో, 30కో మార్చుకోవడం సుఖం. కానీ ఫోటోలు పేర్చిన తర్వాత ఫ్రేమ్ రేటు మార్చకండి, నిడివులన్నీ కదులుతాయి.

మధ్యలో ఒక ఫోటో తీసేస్తే, తర్వాతివన్నీ ముందుకు జరిగాయి. ఖాళీ మూసుకునే రిపుల్ పద్ధతిలో తీసేశారు. తీసేయకుండా అదే చోట వేరే ఫోటోను మార్చి పెట్టండి.

మొదటి నుంచీ ఫోటోలన్నీ 5 సెకన్లే వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఫోటోలకు ముందే పెట్టి ఉంచిన నిడివి అది. సెట్టింగ్స్‌లో స్టిల్ ఇమేజ్ నిడివిని 133 ఫ్రేములకు మార్చి, ఆ తర్వాత ఫోటోలను లోపలికి తెచ్చుకోండి. మామూలు ఫోటోలు 34 వాటంతటవే కుదురుతాయి, చేత్తో మార్చాల్సినవి పేరు కార్డు, చివరి ఫోటోతో కలిపి 22 మాత్రమే.

ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియో చివర ఖాళీ నలుపు వచ్చింది. ఏదో ట్రాక్‌లో పాత పాట తోక మిగిలి ఉంది, లేదా ఎక్స్‌పోర్ట్ చివరి హద్దు పాత చోటే ఉండిపోయింది. అన్ని ట్రాకులనూ 6825వ ఫ్రేము దగ్గర కోసి మళ్లీ తీయండి.

## 12. ఎక్స్‌పోర్ట్ తర్వాత, తెర ఎక్కించే ముందు

- తయారైన వీడియో నిడివిని 2వ దశలోని `ffprobe` కమాండ్‌తోనే చూడండి, ఫైలు పేరు మారిస్తే చాలు. 273కి సెకనులో పదో వంతు అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే.
- చివరి 20 సెకన్లు చూడండి. దంపతుల ఫోటో 4:22లో మొదలై, 4:23కి పూర్తిగా తేలి, 4:30 నుంచి పాటతో కలిసి తగ్గాలి.
- చరణం దగ్గర అటూ ఇటూ 10 సెకన్లు చూడండి.
- అంతా సరిపోయాక చివర 5 సెకన్ల నలుపు చేర్చి, తెర కోసం వేరే కాపీ తీయండి. ఇది పాట లెక్కలోకి రాదు. వీడియో అయిపోగానే ప్లేయర్ మళ్లీ మొదటికి వెళ్లడమో, ఫైళ్ల జాబితా చూపించడమో చేస్తే, మనిషి ఆపడానికి ఈ వ్యవధి ఉంటుంది.
- పాటను వీడియోలోంచే వినిపించాలి. సౌండ్ వాళ్లు ఫోన్‌లోంచి విడిగా పాట వేస్తే, రెండు మీటలూ ఒకే క్షణంలో నొక్కడం అయ్యే పని కాదు.

## 13. ఆఖరి గంటలో ఫోటోలు వస్తే

"అబ్బయా, మా చిన్నాయనది ఒక్కటి కూడా లేదే, ఈ మూడూ పెట్టు" అని ఫంక్షన్ ముందు రోజు రాత్రి వాట్సాప్ వస్తుంది. కాదనలేం. రెండు దారులున్నాయి.

మొదటిది, మార్పిడి. అదే బరువు ఉన్న మూడు ఫోటోలను తీసి, వాటి చోట ఇవి పెట్టండి. ఒక్క అంకె కూడా మారదు. సమయం తక్కువుంటే ఇదే మేలు.

రెండోది, చేర్చడం. మూడూ మామూలు ఫోటోలైతే బరువుల మొత్తం 62.5 అవుతుంది. 6450 / 62.5 = 103.2 ఫ్రేములు. మామూలు ఫోటో వంతు 103, గుంపుది 154, ఖాళీ దృశ్యాలది 77. స్పష్టంగా కనిపించే సమయం మామూలు ఫోటోకి 78 ఫ్రేములు, అంటే 3.1 సెకన్లు. హద్దుకు దగ్గరే అయినా ఇంకా పైనే ఉంది. గుంపు ఫోటోకి 129, అంటే 5.2 సెకన్లు. అదీ పరవాలేదు. ఇంకో మూడు వస్తే మాత్రం మామూలు ఫోటో 3 సెకన్ల కిందికి పడిపోతుంది. అప్పుడు ఇక మార్పిడి ఒక్కటే దారి.

చేర్చిన చోటు పెళ్లికి ముందా, తర్వాతా అన్నది చూసి 10వ దశ లెక్కను ఆ భాగానికి మళ్లీ వేయండి. మిగతా భాగం జోలికి వెళ్లాల్సిన పని లేదు. చిన్నాయన ఫోటోలు మూడూ బాల్యం నాటివైతే మొదటి భాగం బరువు 21 అవుతుంది, వంతు 78 / 21 = 3.71 సెకన్లకు పడిపోతుంది. అప్పుడు ఆ భాగంలోంచే రెండు ఫోటోలు తీసి 19కి తెస్తే 4.1 వస్తుంది. రెండో భాగంతో తేడా పది శాతం లోపే కాబట్టి అలాగే ఉంచేయవచ్చు.